పేరు కనిపిస్తుంది, శబ్దం రాదు: యూఎస్‌బీ హెడ్‌సెట్ విషయంలో లోపం ఏ మెట్టులో ఉందో పట్టుకోవడం

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది గుణుపురం. ఇంట్లో డెస్క్‌టాప్, విండోస్ 10. యూఎస్‌బీ హెడ్‌సెట్ పెట్టగానే కంప్యూటర్ గుర్తిస్తోంది, డివైస్ మేనేజర్‌లో పేరు కూడా ఉంది. క్లాసులో నేను మాట్లాడితే పిల్లలకు వినబడుతోంది, నాకు మాత్రం చెవిలో ఏమీ వినబడడం లేదు. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, మార్పు లేదు. షాపులో అడిగితే హెడ్‌సెట్ పాడైంది, కొత్తది కొనమంటున్నారు. కొనాల్సిందేనా?

సమాధానం:

నమస్కారమమ్మా. ఇప్పుడే కొనవద్దు. మీ మాట అవతలివారికి వినబడుతోందంటే హెడ్‌సెట్‌లో ముఖ్యమైన భాగం బాగానే ఉన్నట్టు. యూఎస్‌బీ హెడ్‌సెట్ అంటే పాత రకం గుండ్రటి పిన్ను హెడ్‌ఫోన్ వంటిది కాదు. దాని లోపలే ఒక చిన్న సౌండ్ కార్డు ఉంటుంది, మైకుకూ చెవి స్పీకర్లకూ అదే ఆధారం. మైకు పనిచేస్తోందంటే ఆ సౌండ్ కార్డుకు కరెంటు అందుతోంది, యూఎస్‌బీ పోర్టు పనిచేస్తోంది, కేబుల్‌లో డేటా వెళ్లే తీగలు బాగున్నాయి, విండోస్ దగ్గరున్న డ్రైవర్ దానితో సరిగానే మాట్లాడుతోంది. డ్రైవర్ తీసి మళ్లీ వేసినా మార్పు కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. ఇక పాడయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నది చెవి స్పీకర్లు, వాటికి వెళ్లే సన్నటి తీగలే, వాటిని తప్పుపట్టే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి.

కంప్యూటర్ ఒక పరికరాన్ని గుర్తించడం వేరు, శబ్దాన్ని ఆ పరికరానికి పంపడం వేరు. మీ డెస్క్‌టాప్‌లో శబ్దం బయటికి పోవడానికి ఇప్పటికే ఒకటికి మించి దారులు ఉండి ఉంటాయి. వెనక ఆకుపచ్చ రంగు జాక్‌కు తగిలించే స్పీకర్లు ఒకటి, హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో కలిపి ఉంటే మానిటర్ ఇంకొకటి, ఇప్పుడు హెడ్‌సెట్ మరొకటి. విండోస్ వీటిలో ఒకదాన్ని మాత్రమే డీఫాల్ట్‌గా పెట్టుకుని, ప్రత్యేకంగా వేరే దారి చెప్పని ప్రతి ప్రోగ్రామ్ శబ్దాన్నీ దానికే పంపుతుంది. శబ్దం వినిపించే పరికరానికీ, శబ్దం తీసుకునే పరికరానికీ డీఫాల్ట్ ఎంపికలు విడివిడిగా ఉంటాయి కాబట్టి, మైకు హెడ్‌సెట్‌కు మారిపోయి, వినికిడి మాత్రం పాత స్పీకర్ల దగ్గరే ఉండిపోవడం మామూలుగా జరిగేదే. కొత్త హెడ్‌సెట్ పెట్టగానే విండోస్ చాలాసార్లు తనంతట తానే దానికి మారుతుంది, కానీ ఇంతకుముందు ఎవరైనా వేరే పరికరాన్ని చేత్తో ఎంచి ఉంటే దాన్నే అట్టిపెట్టుకోవచ్చు.

కాబట్టి మీరు తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే. ప్రోగ్రామ్ దగ్గర పుట్టిన శబ్దం మీ చెవి దాకా వచ్చే దారిలో ఎక్కడ ఆగిపోతోంది? దీన్ని ఊహించనక్కరలేదు, కంటితోనే చూడవచ్చు. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటనూ R మీటనూ కలిపి నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఇలా టైపు చేసి ఎంటర్ కొట్టండి.

```
mmsys.cpl
```

సెట్టింగ్స్‌లోకి వెళ్లి మెనూలు వెతకమనకుండా దీన్ని టైపు చేయమనడానికి కారణం ఉంది. మన వైపు చాలా ఇళ్లలో, బడులలో కంప్యూటర్ తెర ఒడియాలో పెట్టి ఉంటుంది, నాందేడ్, గడ్చిరోలి వైపు మరాఠీలో పెట్టినవారూ ఉన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పే మెనూ పేరు మీ తెర మీద ఆ అక్షరాలతో కనిపించకపోవచ్చు. ఈ ఆదేశం మాత్రం తెర ఏ భాషలో ఉన్నా ఒకేలా పనిచేసి, అదే పెట్టెను తెరుస్తుంది. ఇంగ్లీషు తెరలో ఆ పెట్టెలో మొదటి ట్యాబ్ పేరు Playback. వేరే భాషలో ఉన్నా వరుసలో మొదటిది అదే.

ఆ ట్యాబ్‌లో శబ్దం వినిపించగల పరికరాలన్నీ వరుసగా ఉంటాయి. డీఫాల్ట్‌గా ఉన్నదాని బొమ్మ పక్కన ఆకుపచ్చని గుండ్రంలో టిక్కు గుర్తు ఉంటుంది. ప్రతి వరుసకూ కుడి చివర నిలువుగా పేర్చిన చిన్న చిన్న గీతలు ఉంటాయి, ఆ పరికరానికి శబ్దం వెళ్తున్నప్పుడు అవి ఆకుపచ్చగా వెలుగుతూ పైకీ కిందికీ ఆడుతాయి. చాలామంది టిక్కు గుర్తు చూసి పెట్టెను మూసేస్తారు, కానీ అసలు విషయం చెప్పేవి ఆ గీతలే. టిక్కు విండోస్ ఉద్దేశాన్ని చెబుతుంది, గీతలు ఇప్పుడు నిజంగా జరుగుతున్నదాన్ని చెబుతాయి.

ఇప్పుడు ఆ పెట్టెను తెర మీద ఒక పక్కకు జరిపి, మీకు ఏ ప్రోగ్రామ్‌లో శబ్దం రావడం లేదో అందులోనే, మధ్యలో ఆగకుండా మాటలో పాటో సాగే వీడియో ఒకటి పెట్టండి. ఒక క్షణం మోగి ఆగిపోయే గంట శబ్దం ఇందుకు పనికిరాదు, గీతలు కనిపించేలోపే అయిపోతుంది. వీడియో నడుస్తుండగా గీతలను చూస్తే మూడు రకాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. హెడ్‌సెట్ వరుసలో గీతలు కదలకుండా వేరే వరుసలో కదులుతుంటే శబ్దం దారి తప్పుతోందన్నమాట. హెడ్‌సెట్ వరుసలోనే కదులుతూ చెవిలో మాత్రం ఏమీ లేకపోతే, విండోస్ తన పని తాను చేసింది, లోపం ఆ పరికరం వాల్యూమ్ దగ్గరో, దాని తర్వాతో ఉంది. ఏ వరుసలోనూ కదలిక లేకపోతే ప్రోగ్రామ్ దగ్గరే శబ్దం మూసుకుపోయి ఉంది. ఈ మూడింటికీ మూడు వేరువేరు మందులు ఉన్నాయి, ఒకదానికి వాడేది ఇంకొకదానికి పనిచేయదు. డ్రైవర్లు తీసి వేయడంలో రోజులు గడిచిపోయేది ఈ తేడా తెలియకపోవడం వల్లనే.

మొదటి రకం అన్నింటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందులోనూ గీతలు మానిటర్ వరుసలో ఆడడం చాలా తరచుగా చూస్తాం. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ చిత్రంతోపాటు శబ్దాన్ని కూడా మోసుకుపోతుంది కాబట్టి, విండోస్ మానిటర్‌ను కూడా ఒక స్పీకర్‌గా లెక్కవేస్తుంది. చాలా మానిటర్లకు లోపల స్పీకర్లే ఉండవు, అయినా ఆ వరుస జాబితాలో ఉంటుంది, శబ్దం అక్కడికి వెళ్లి ఎవరికీ వినబడకుండా పోతుంది. ఇలాంటప్పుడు హెడ్‌సెట్ పేరున్న వరుస మీద కుడి క్లిక్ చేసి Set as Default Device అన్నదాన్ని ఎంచుకోండి. అదే మెనూలో దాని కిందనే Set as Default Communication Device అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని కూడా హెడ్‌సెట్‌కే ఇవ్వండి. విండోస్‌లో డీఫాల్ట్ అన్నది ఒక్క పదవి కాదు. పాటలు, వీడియోలు, మామూలు శబ్దాల కోసం ఒకటి, కాల్స్ కోసం మరొకటి ఉంటాయి. రెండోది వేరే పరికరం దగ్గర ఉంటే దాని బొమ్మ పక్కన టిక్కుకు బదులు టెలిఫోన్ రిసీవర్ గుర్తు కనిపిస్తుంది. వీడియోలు చెవిలో వినబడుతూ, క్లాసో కాలో మొదలవగానే నిశ్శబ్దం అవుతోందంటే ఆ రిసీవర్ గుర్తు ఎక్కడుందో చూడాలి.

జాబితాలో హెడ్‌సెట్ వరుసే లేకపోతే, ఖాళీగా ఉన్న చోట కుడి క్లిక్ చేసి Show Disabled Devices ఎంచండి. మసకగా కనిపిస్తే దాని మీద కుడి క్లిక్ చేసి Enable అనాలి.

డీఫాల్ట్ మార్చాక వీడియో ఆపేసి, హెడ్‌సెట్ వరుస మీదే కుడి క్లిక్ చేసి Test అనండి. ముందు ఒక చెవిలో, తర్వాత రెండో చెవిలో చిన్న గంట వంటి శబ్దం రావాలి. ఈ పరీక్ష విలువ ఏమిటంటే, అది క్రోమ్‌తోగానీ జూమ్‌తోగానీ సంబంధం లేకుండా విండోస్ నుంచి నేరుగా హెడ్‌సెట్‌కు వెళ్తుంది. ఇది రెండు చెవుల్లో వినబడిందంటే హెడ్‌సెట్ బాగున్నట్టే, కొత్తది కొనమన్న షాపువారి మాటను ఇక పట్టించుకోనక్కరలేదు. ఆ తర్వాత కూడా ఫలానా ప్రోగ్రామ్‌లోనే శబ్దం లేకపోతే లోపం ఆ ప్రోగ్రామ్‌కూ డీఫాల్ట్ పరికరానికీ మధ్య ఉంది, అక్కడ ఉండేది వాల్యూమ్ మిక్సర్.

మిక్సర్ అంటే ఒక్కొక్క ప్రోగ్రామ్‌కు విండోస్ విడిగా ఇచ్చిన వాల్యూమ్. టాస్క్‌బార్‌లోని స్పీకర్ బొమ్మను నొక్కితే వచ్చే వాల్యూమ్ పరికరానిది. దాని వెనక ప్రతి ప్రోగ్రామ్‌కూ తెర మీద జరిపే మీట ఒకటి విడిగా ఉంటుంది. పరికరం వాల్యూమ్ 100 దగ్గర ఉన్నా, క్రోమ్ మీట 0 దగ్గర ఉంటే క్రోమ్ శబ్దం రాదు, మిగతావన్నీ వినబడుతూనే ఉంటాయి. విండోస్ 10లో దీన్ని చూడడానికి రెండు చోట్లు ఉన్నాయి. పాత మిక్సర్ కోసం విండోస్, R మీటలు కలిపి నొక్కితే వచ్చే అదే చిన్న పెట్టెలో ఇలా టైపు చేయాలి.

```
sndvol
```

కొత్త పేజీ కోసం ఇలా.

```
ms-settings:apps-volume
```

నేను రెండోదాన్నే సిఫారసు చేస్తాను, ఎందుకంటే పాత మిక్సర్‌లో ఉన్నది మీటలు మాత్రమే. కొత్త పేజీలో ప్రతి ప్రోగ్రామ్ పక్కన మీటతోపాటు Output అని ఒక ఎంపిక కూడా ఉంటుంది. అంటే ఆ ఒక్క ప్రోగ్రామ్ శబ్దాన్ని డీఫాల్ట్ పరికరంతో సంబంధం లేకుండా వేరే పరికరానికి కట్టివేయవచ్చు. ఒకసారి అలా కట్టి ఉంటే, మీరు డీఫాల్ట్‌ను ఎన్నిసార్లు హెడ్‌సెట్‌కు మార్చినా ఆ ప్రోగ్రామ్‌కు సంబంధం ఉండదు. డీఫాల్ట్ మార్చాక టిక్కు గుర్తు సరైన చోటే ఉండి, గీతలు మాత్రం వేరే వరుసలో ఆడుతుంటే నేను మొదట అనుమానించేది దీన్నే. ఈ పేజీ విండోస్ 10లో 2018 ఏప్రిల్ అప్‌డేట్‌తో వచ్చింది. అంతకంటే పాత విండోస్‌లో ఇలా కట్టే ఏర్పాటు లేదు. విండోస్ 11 వాడేవారికి పైన చెప్పిన రెండో ఆదేశమే Volume mixer పేజీని తెరుస్తుంది, అమరిక కొంచెం వేరుగా కనిపించినా పని ఒకటే.

మిక్సర్‌ను చూసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. శబ్దం చేయడానికి దారి తెరుచుకున్న ప్రోగ్రామ్‌లు మాత్రమే అందులో కనిపిస్తాయి, అందువల్ల ముందు క్రోమ్‌లో వీడియో నడిపించి, ఆ తర్వాతే పేజీని తెరవాలి. లేకపోతే క్రోమ్ వరుసే ఉండదు, ఉన్న వరుసలన్నీ బాగానే ఉన్నాయనుకుని మీరు మూసేస్తారు. రెండోది, ఇది చాలామందికి తెలియనిది. ప్రోగ్రామ్ మీట ఎక్కడ ఉందో విండోస్ ప్రతి పరికరానికీ విడిగా గుర్తుపెట్టుకుంటుంది. స్పీకర్లలో క్రోమ్ మీట 100 దగ్గర ఉండవచ్చు, అదే క్రోమ్ హెడ్‌సెట్‌కు మారగానే ఎప్పుడో తగ్గించిన మీట దగ్గర మొదలు కావచ్చు. స్పీకర్లలో బాగానే వస్తోంది కాబట్టి మిక్సర్‌లో తప్పు లేదు అనుకోవడం అందుకే సరికాదు. పాత మిక్సర్‌లో ఎడమ చివర పరికరం పేరు పక్కన ఉండే బాణాన్ని నొక్కి ఏ పరికరం మీటలు చూస్తున్నారో మార్చుకోవచ్చు, ఆ పేరు హెడ్‌సెట్‌దో కాదో చూసుకున్నాకే మీటలను నమ్మండి.

ఇవన్నీ ఒకే కంప్యూటర్‌లో ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉండగా చూసిన సందర్భం ఒకటి చెబుతాను, మీ పరిస్థితికి అది చాలా దగ్గర. పర్లాకిమిడిలో లెక్కలు చెప్పే ఒక టీచరు గారు పాతపట్నం, టెక్కలి వైపు పిల్లలకు ఇంటి నుంచే గూగుల్ మీట్‌లో క్లాసులు తీసుకుంటారు. విండోస్ 10 డెస్క్‌టాప్, వెనక జాక్‌కు స్పీకర్లు, హెచ్‌డీఎమ్‌ఐతో మానిటర్, ముందు పోర్టులో యూఎస్‌బీ హెడ్‌సెట్. హెడ్‌సెట్‌లో మైకు తప్ప ఇంకేమీ పనిచేయడం లేదని పిలిచారు.

మొదట వీఎల్‌సీలో ఒక పాట పెట్టి mmsys.cpl తెరిచాను. టిక్కు గుర్తూ, ఆడే గీతలూ రెండూ మానిటర్ వరుసలోనే ఉన్నాయి, ఆ మానిటర్‌కు స్పీకర్లు లేవు. హెడ్‌సెట్‌ను రెండు రకాల డీఫాల్ట్‌గానూ పెట్టగానే పాట చెవిలో వచ్చింది. పని అయిపోయిందని టీచరు గారు సంతోషించి క్రోమ్‌లో యూట్యూబ్ వీడియో పెట్టారు. నిశ్శబ్దం. అయితే వీఎల్‌సీ ఆపేసి చూస్తే గీతలు Realtek అన్న పేరున్న వరుసలో, అంటే వెనక జాక్ స్పీకర్ల వరుసలో కదులుతున్నాయి. స్పీకర్ల స్విచ్ ఆపి ఉండడంతో అక్కడా శబ్దం లేదు. డీఫాల్ట్ హెడ్‌సెట్‌కు ఉన్నా క్రోమ్ అక్కడికి పోతోందంటే ఎవరో కట్టి ఉంచారన్నమాట. ms-settings:apps-volume తెరిస్తే క్రోమ్ పక్కన Output దగ్గర నిజంగానే Realtek ఉంది. వీడియోలు ఇంట్లో అందరికీ వినబడాలని ఎప్పుడో అలా పెట్టి మరిచిపోయారట. దాన్ని Default అని మార్చాము.

అప్పుడు గీతలు హెడ్‌సెట్ వరుసలోకి వచ్చాయి, కానీ అట్టడుగున ఒకటి మాత్రమే వెలిగీ వెలగనట్టు కదిలింది, చెవిలో గుసగుస కూడా లేదు. అదే పేజీలో ఇప్పుడు క్రోమ్ మీట 4 దగ్గర చూపించింది. స్పీకర్లకు కట్టి ఉన్నంతసేపూ అది 100 దగ్గర ఉంది. పరికరానికో జ్ఞాపకం అన్నది ఇక్కడే కంటికి కనబడింది. మీటను 100కు తీసుకురాగానే యూట్యూబ్ బాగా వినబడింది. చివరికి మీట్ క్లాసు తెరిస్తే పిల్లల గొంతులు మళ్లీ లేవు. మీట్ సెట్టింగ్స్‌లో ఆడియో భాగంలో స్పీకర్ ఏదో ఎంచుకునే చోట మానిటర్ పేరు నిలబడి ఉంది. అక్కడ హెడ్‌సెట్‌ను ఎంచాక క్లాసు సాగింది. ప్రతి మెట్టులోనూ మేము చేసింది ఒక్కటే, ఇప్పుడు గీతలు ఎక్కడ ఆడుతున్నాయని చూసి, దాన్ని బట్టి తర్వాతి చోటికి వెళ్లడం.

ఆ చివరి మెట్టు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు కూడా క్లాసులే చెబుతున్నారు. మీట్, జూమ్ వంటివి తమ లోపలే స్పీకర్ ఎంపికను పెట్టుకుంటాయి. అందులో ఒక పరికరం పేరు నేరుగా ఎంచి ఉంటే, విండోస్ డీఫాల్ట్‌నుగానీ, మిక్సర్‌లోని Output ఎంపికనుగానీ అవి లెక్కచేయవు. మిక్సర్‌లోని ఆ ఎంపిక పనిచేసేది, ప్రోగ్రామ్ తనకు డీఫాల్ట్ పరికరం కావాలని అడిగినప్పుడు మాత్రమే. అందుకని జూమ్‌లో ఆడియో సెట్టింగ్స్‌కు వెళ్లి స్పీకర్ దగ్గర Same as System అన్నదాన్ని ఎంచుకోవడం, మీట్‌లోనైతే డీఫాల్ట్ అని ఉన్నదాన్ని ఎంచుకోవడం మేలు, అప్పుడు విండోస్‌లో ఒక్కచోట మార్చితే చాలు. మార్చిన తర్వాత ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. కొన్ని ప్రోగ్రామ్‌లు మొదలైనప్పుడు పట్టుకున్న దారిని మూసేవరకూ వదలవు.

ఏ వరుసలోనూ గీతలు కదలని మూడో రకంలో మిక్సర్‌లోని 0 కాకుండా ఇంకో చిన్న కారణం ఉంటుంది. క్రోమ్‌లో ట్యాబ్ మీద కుడి క్లిక్ చేస్తే Mute site అన్న ఎంపిక ఉంటుంది, పొరపాటున దాన్ని నొక్కి ఉంటే ఆ వెబ్‌సైటు శబ్దం బ్రౌజర్ లోపలే ఆగిపోతుంది, మిక్సర్‌లో క్రోమ్ మీట నిండుగా ఉన్నా వినబడదు. యూట్యూబ్‌లో వీడియో కిందనే ఉండే స్పీకర్ బొమ్మ కూడా అంతే.

కాల్ నడుస్తున్నంతసేపూ మిగతా శబ్దాలు మాత్రమే తగ్గిపోతున్నాయంటే అది లోపం కాదు. mmsys.cpl పెట్టెలో చివరి ట్యాబ్ Communications. కాల్ జరుగుతున్నప్పుడు ఇతర శబ్దాలను 80 శాతం తగ్గించమని అక్కడ ముందే పెట్టి ఉంటుంది, పూర్తిగా ఆపేయమని పెట్టుకునే ఎంపిక కూడా ఉంది. క్లాసు మధ్యలో పిల్లలకు వీడియో చూపిస్తూ మీరూ వినాలనుకుంటే అక్కడ Do nothing పెట్టుకోండి.

ఇక మిగిలింది రెండో రకం. గీతలు హెడ్‌సెట్ వరుసలోనే బాగా ఆడుతున్నాయి, Test నొక్కినా చెవిలో ఏమీ లేదు. హెడ్‌సెట్ వరుస మీద రెండుసార్లు క్లిక్ చేసి Levels ట్యాబ్‌కు వెళ్లండి. అక్కడి మీట 0 దగ్గర లేదని, పక్కనున్న స్పీకర్ బొమ్మ మీద ఎర్రటి అడ్డగుర్తు లేదని చూసి, Balance నొక్కి కుడి ఎడమలు రెండూ పైకి ఉన్నాయని చూడండి. ఒక చెవిలోనే శబ్దం రాకపోవడానికి ఇక్కడ ఒక వైపు 0 కావడమే కారణమైన సందర్భాలు ఉన్నాయి. తర్వాత కేబుల్ మధ్యలో ఉండే చిన్న డబ్బా చూడండి. కొన్ని హెడ్‌సెట్‌లలో దాని మీదున్న మీటలు విండోస్ వాల్యూమ్‌నే మార్చుతాయి, అప్పుడు తెర మీద కూడా వాల్యూమ్ కదలడం కనిపిస్తుంది. కొన్నిటిలో మాత్రం అక్కడున్న చక్రం హెడ్‌సెట్ లోపలే శబ్దాన్ని తగ్గిస్తుంది, విండోస్‌కు ఆ సంగతి తెలియదు, గీతలు నిండుగా ఆడుతుండగానే చెవిలో నిశ్శబ్దం ఉంటుంది. చక్రాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు పూర్తిగా తిప్పి చూడండి. ఇవన్నీ చూశాక కూడా Test వినబడకపోతే హెడ్‌సెట్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టండి. అక్కడా మైకు పనిచేస్తూ చెవిలో శబ్దం లేకపోతే, అప్పుడు చెవి స్పీకర్ల తీగ తెగిందనుకోవచ్చు. ఈ తెగడం ఎక్కువగా కేబుల్ ఆ చిన్న డబ్బాలోకి, లేదా చెవి గిన్నెలోకి వెళ్లే మూల దగ్గర జరుగుతుంది. ఆ మూలను మెల్లగా వంచుతూ వింటే మధ్యమధ్యలో శబ్దం వచ్చిపోవడం దానికి గుర్తు. షాపువారి మాట నిజమయ్యే చోటు ఇది ఒక్కటే.

అన్నీ సరిచేశాక మీరు చేయవలసిన పని ఇంకొకటి ఉంది, లేకపోతే కొద్ది రోజుల్లో ఇదే సమస్య మళ్లీ వస్తుంది. హెడ్‌సెట్‌ను ఎప్పుడూ ఒకే పోర్టుకు పెట్టండి. తక్కువ ధర యూఎస్‌బీ హెడ్‌సెట్‌లు చాలావాటికి లోపల సీరియల్ నంబరు ఉండదు. అది లేని పరికరాన్ని వేరే పోర్టుకు మార్చితే, విండోస్ దాన్ని పాత హెడ్‌సెట్‌గా పోల్చుకోలేక మరో కొత్త పరికరంగా లెక్కవేసి, పేరులో ముందు 2- అని చేరుస్తుంది. మీరు ఇచ్చిన డీఫాల్ట్ పదవి, క్రోమ్ మీట, మీట్‌లో ఎంచిన స్పీకర్, అన్నీ పాత పేరుకే అంటిపెట్టుకుని ఉంటాయి, కొత్త పేరుకు ఏవీ రావు. పర్లాకిమిడి టీచరు గారికి కూడా ఇల్లు సర్దినప్పుడు హెడ్‌సెట్ వెనక పోర్టుకు మారి శబ్దం మళ్లీ పోయింది, జాబితాలో చూస్తే పేరు ముందు 2- ఉంది. తిరిగి ముందు పోర్టుకు పెట్టగానే సెట్టింగ్స్ ఏవీ ముట్టుకోకుండానే పాత అమరిక అంతా వచ్చేసింది. మీ జాబితాలో కూడా హెడ్‌సెట్ పేరు ముందు అలాంటి అంకె ఉందేమో చూడండి, ఉంటే పాత పోర్టు ఏదో గుర్తుచేసుకుని ముందు అక్కడ పెట్టి చూడండి.

పోర్టును ఖాయం చేసుకున్నాక, Playback జాబితాలో హెడ్‌సెట్ వరుస మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వచ్చే General ట్యాబ్‌లో పైన ఉన్న పేరును చెరిపి మీకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. తెలుగు అక్షరాల్లో క్లాసు హెడ్‌సెట్ అని రాసుకున్నా సరే. ఆ తర్వాత మిక్సర్‌లో చూసినా, జూమ్‌లో చూసినా ఒకేలా కనిపించే Speakers అన్న మూడు నాలుగు పేర్ల మధ్య మీది ఏదో వెంటనే తెలుస్తుంది, ఎప్పుడైనా జాబితాలో ఆ పేరు లేకుండా Speakers అని మరో కొత్త వరుస కనిపిస్తే హెడ్‌సెట్ వేరే పోర్టులోకి మారిందని కూడా అప్పుడే తెలుస్తుంది.